మొదటి రోజు మా మేనేజర్ చెప్పే ఎండ పాఠం

మా నెల్లూరు జిల్లా మెట్టలోని వింజమూరు, ఉదయగిరి, కలిగిరి వైపు నుంచి గల్ఫ్ పనులకు పోయే పిల్లలు నన్ను ఎక్కువగా జీతం, రూము, తిండి గురించే అడుగుతారు. సైట్లో మొదటి రోజు ఏం జరుగుతుందో అడిగేవాళ్లు తక్కువ. ఖతర్‌లో పెద్ద సైట్లో నాది సేఫ్టీ సూపర్‌వైజర్ ఉద్యోగం. కొత్తవాళ్లు దిగిన రోజున ప్రాజెక్ట్ మేనేజర్ హిందీలో మాట్లాడితే, పక్కన నిలబడి తెలుగులో చెప్పేది నేనే. ఆ మాటల్లో హెల్మెట్, బెల్టు, గేటు పాసు లాంటివి ఎవరైనా రెండు రోజుల్లో నేర్చుకుంటారు. ఎండ సంగతి మాత్రం మొదటి రోజే ఎక్కాలి. ఎందుకంటే ఎండదెబ్బతో పనిలో చనిపోయేవాళ్లలో ఎక్కువమంది, కొత్తగా చేరిన మొదటి కొద్ది రోజుల్లోనే పోతున్నారు.

పోయిన జూన్‌లో వచ్చిన గుంపులో మనవైపు పిల్లలు కొందరు ఉన్నారు. మేనేజర్ ఎండ మాట ఎత్తగానే ఉదయగిరి అబ్బాయి ఒకడు నా వైపు తిరిగి, “మనకేందన్నా, ఎండ కొత్తా? రోహిణి కార్తెలో స్లాబు మీద కమ్మీ కట్టినోళ్లం” అన్నాడు. నేను ఆ మాటే మేనేజర్‌కు చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. ఆ అబ్బాయిని లేపి, పోయిన నెల రోజులు ఏం చేశావని అడిగారు. చెన్నైలో వీసా సెంటర్‌కు వెళ్లి మెడికల్ అయ్యాక ఇక ఇంట్లోనే ఉన్నానన్నాడు. ఎప్పుడు పిలుస్తారో తెలియదు, దెబ్బ తగిలితే ప్రయాణం ఆగిపోతుందని వాళ్లమ్మ పనికి పంపలేదట. మేనేజర్ తల ఊపి, “అయితే నీ ఒంటికి ఇప్పుడు ఎండ అలవాటు లేదు” అన్నారు.

చాలామంది నమ్మని మాట ఇదే. ఎండ అలవాటు పుట్టుకతో వచ్చి జీవితాంతం ఉండిపోయేది కాదు. రోజూ ఎండలో ఒళ్లు వంచి పని చేస్తే వారం నుంచి రెండు వారాల్లో ఒంట్లో కొన్ని మార్పులు వస్తాయి. చెమట తొందరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తక్కువగా పోతుంది. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది కాబట్టి అదే పనికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. పని మానేసి నీడపట్టున కూర్చుంటే వారం దాటేసరికి ఈ మార్పులు తగ్గడం మొదలై, నెల తిరిగేసరికి దాదాపు పూర్తిగా పోతాయి. వీసా కోసం ఎదురుచూసిన ఆ రోజుల్లోనే, ఊళ్లో సంపాదించుకున్న ఓర్పు కరిగిపోతుంది. మనిషికి మాత్రం అది ఇంకా ఉందనే ధైర్యం ఉంటుంది.

రెండో సంగతి తేమ. మా మెట్ట ఎండ పొడి ఎండ. చెమట పట్టగానే ఆరిపోతుంది, ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. సముద్రం పక్కనున్న దోహాలో గాలి తేమగా ఉన్న రోజుల్లో చెమట కారిపోతుందే కానీ ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అందుకే సైట్లో మామూలు ఉష్ణోగ్రతను నమ్ముకోం. తడి బట్ట చుట్టిన థర్మామీటర్, నల్ల గోళంలో పెట్టిన థర్మామీటర్, మామూలు థర్మామీటర్, ఈ మూడూ ఉన్న మీటర్ ఒకటి ఉంటుంది. తడి రీడింగ్‌కు 70 శాతం, గోళానికి 20 శాతం, గాలికి 10 శాతం లెక్కేసి ఒక్క అంకె చూపిస్తుంది. మేనేజర్ బోర్డు మీద రెండు లెక్కలు వేసి చూపించారు. మన ఊళ్లో మే నెల మధ్యాహ్నం గాలి 43, తడి 24, గోళం 52 అనుకుంటే మీటర్ 31.5 చూపిస్తుంది. దోహాలో తేమ ఎక్కువున్న ఒక ఉదయం గాలి 36, తడి 31, గోళం 42 అనుకుంటే 33.7 వస్తుంది. గాలి ఏడు డిగ్రీలు తక్కువ, ఒంటి మీద భారం మాత్రం ఎక్కువ. ఖతర్‌లో 2021 నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఈ అంకె 32.1 దాటితే ఏ టైమైనా సరే బయట పని ఆపాలి. ఇది కాక జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని పూర్తిగా నిషేధం. ఈ రెండోది అందరికీ తెలుసు. మొదటిది తెలియక, పది కాలేదు కదా అని పని చేస్తూనే ఉంటారు.

ఆ తర్వాత మేనేజర్ కొత్తవాళ్ల పని టైములు చదివారు. మా సైట్లో పాటించే లెక్క, అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ సిఫారసు చేసింది. కొత్త మనిషికి మొదటి రోజు ఎండ పని 20 శాతమే, ఆ తర్వాత రోజుకు 20 శాతానికి మించి పెంచకూడదు. ఎనిమిది గంటల పనిలో చూస్తే మొదటి రోజు గంటా ముప్పావు కూడా కాదు, గంటా ముప్పై ఆరు నిమిషాలు. రెండో రోజు మూడు గంటల పైచిలుకు, మూడో రోజు ఐదు గంటల లోపు, నాలుగో రోజు ఆరున్నర గంటల లోపు. ఐదో రోజుకు కానీ పూర్తి పని లేదు. మిగతా టైములో షెడ్డు నీడలో కమ్మీ కింద పెట్టే చిన్న కాంక్రీటు దిమ్మెలకు, అంటే కవర్ బ్లాకులకు, వైరు కట్టడం, పనిముట్లు తీసుకోవడం, మిగిలిన ట్రైనింగ్ ఉంటాయి. కొత్తవాళ్లు ఎవరో అందరికీ తెలిసేలా హెల్మెట్‌కు రంగు స్టిక్కర్ వేస్తాం.

ఇది విన్న వెంటనే అందరి ముఖాల్లో టెన్షన్ కనిపించింది. జీతం కోస్తారేమోనని. మేనేజర్ అది కనిపెట్టి, నీడలో ఉన్న గంటలకు కూడా పూర్తి జీతం అని స్పష్టంగా చెప్పారు. ఆ మాట చెప్పకపోతే మిగతా పాఠమంతా వృథా అని నా అభిప్రాయం. అప్పు చేసి వచ్చినవాడు తల తిరుగుతున్నా చెప్పడు. చెబితే పనికిరాడని వెనక్కి పంపేస్తారని భయం. అందుకే ఆయన ఫోర్‌మన్లందర్నీ ఆ హాల్లోనే కూర్చోబెట్టి వాళ్ల ముందే అన్నారు: “ఈ స్టిక్కర్ ఉన్నవాళ్లు నాలుగు రోజులు నా మనుషులు. స్లాబు ఒకరోజు లేటైతే నేను జవాబు చెబుతాను.” సేఫ్టీవాళ్లం మేము ఎంత చెప్పినా కాంక్రీటు బండ్లు వచ్చి నిలబడితే ఫోర్‌మన్ మా మాట పక్కన పెడతాడు. మేనేజర్ నోటితో వచ్చిన మాటను పక్కన పెట్టలేడు. ఈ పాఠం ఆయనే చెప్పాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

నేను ఇంతకుముందు పనిచేసిన వేరే సైట్లో ఇలాంటి ఏర్పాటు లేదు. అక్కడ మనవైపు అబ్బాయిని రెండో రోజే పూర్తి షిఫ్టుకు రాఫ్ట్ మీదికి, అంటే పునాది స్లాబు మీద కమ్మీ కట్టడానికి, పంపారు. పొద్దున ఏమీ తినలేదు. తొమ్మిది ప్రాంతంలో పిక్కలు పట్టేస్తున్నాయని అన్నాడట. కాసేపు కూర్చుని మళ్లీ లేచాడు. తర్వాత మాట తగ్గిపోయింది. పక్కన పనిచేస్తున్న నేపాల్ అతను గమనించింది ఏమిటంటే, ఇతను కట్టిన ముడి మీదే మళ్లీ వైరు చుడుతున్నాడు. పిలిస్తే సంబంధం లేని జవాబు చెప్పాడు. ఒళ్లంతా చెమటతో తడిసే ఉంది. ఫోర్‌మన్ ఆ చెమట చూసి, చెమట పడుతోంది కదా, ఎండదెబ్బ కాదులే అన్నాడు.

ఆ ఫోర్‌మన్ మాటను ఇప్పటి మా మేనేజర్ ప్రతి కొత్త గుంపుకూ నాతో చెప్పిస్తారు, అది తప్పని చెప్పడానికి. ముసలివాళ్లకు ఇంట్లో వడదెబ్బ తగిలితే చర్మం తరచుగా పొడిబారిపోతుంది. కష్టం చేస్తున్న కుర్రవాడికి మాత్రం చెమట కారుతుండగానే ఒంటి వేడి 40 డిగ్రీలు దాటిపోవచ్చు. చూడాల్సింది చర్మాన్ని కాదు, తెలివిని. తలనొప్పి, వాంతి, నీరసం, కండరాలు పట్టేయడం ఉండి మనిషి సరిగ్గా మాట్లాడుతుంటే నీడకు చేర్చి, నీళ్లు, ఓఆర్‌ఎస్ ఇచ్చి, నర్సుకు చూపించాలి. మాట తడబడినా, చేసిన పనే మళ్లీ చేస్తున్నా, తిక్కగా కసురుకున్నా, తూలినా అది ఎమర్జెన్సీ.

అప్పుడు వరస ఇది. ఒకరు క్లినిక్‌కు, 999కు ఫోన్ చేస్తారు. ఇంకొకరు అక్కడే నీడకు లాగి హెల్మెట్, బెల్టు, బూట్లు, చొక్కా తీసేసి ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూనే ఉండాలి. ఐస్ ఉంటే మెడ, చంకలు, గజ్జల్లో పెట్టాలి, ఫ్యాన్ తిప్పాలి. తెలివి సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం ఆపకూడదు. బండి ఎక్కించాక ఆస్పత్రిలో చూసుకుంటారులే అని ఆగితే, పోయే నిమిషాలు మెదడుకు, కిడ్నీలకు తగులుతాయి. అరగంట లోపు వేడి దించగలిగితే మనిషి దక్కే అవకాశం చాలా ఎక్కువ. ఆ రోజు నేపాల్ అతను ఎవరి మాటా వినకుండా కాంక్రీటు తడిపే క్యూరింగ్ పైపు లాక్కొచ్చి తడిపాడు కాబట్టే ఆ అబ్బాయి బతికి ఇంటికి వచ్చాడు. ఇప్పుడు కలిగిరిలో కొట్టు పెట్టుకున్నాడు.

నీళ్ల విషయంలోనూ మనవాళ్లకు ఒక అలవాటుంది, దాహం వేసినప్పుడు చెంబెడు ఒక్కసారే ఎత్తి తాగడం. సైట్లో పావుగంట నుంచి ఇరవై నిమిషాలకు ఒకసారి ఒక గ్లాసు, అంటే పావు లీటరు, దాహం లేకపోయినా తాగాలి. గంటకు లీటరున్నర మించి ఉత్త నీళ్లు పోసుకుంటే రక్తంలో ఉప్పు పలచబడి అదొక ప్రమాదం. మూత్రం రంగు చూసుకోవడానికి బాత్రూముల్లో చార్టు అంటించాం. ముదురు పసుపు వస్తే చాలడం లేదని అర్థం.

సెలవు మీద వచ్చి తిరిగి వెళ్లే పాతవాళ్లకూ ఇది వర్తిస్తుంది. వాళ్లకు మొదటి రోజు 50 శాతం, తర్వాత 60, 80, నాలుగో రోజు పూర్తి పని. నేను కూడా అలాగే మొదలుపెడతాను.

టికెట్ ఇంకా రాని పిల్లలు ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చోవద్దు. రోజూ గంటన్నర, రెండు గంటలు ఎండలో ఒళ్లు వంచే పని చేస్తూ ఉంటే అలవాటు చాలావరకు నిలుస్తుంది. తేమ సంగతి అక్కడ మళ్లీ నేర్చుకోవాల్సిందే కాబట్టి, ఇది చేసినా మొదటి నాలుగు రోజుల లెక్క తప్పదు. బీపీకి, షుగరుకు మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి మెడికల్‌లో దాచినా దాచకపోయినా, సైట్లో దిగిన రోజున నర్సుకు మాత్రల అట్ట చూపించండి. నీరు లాగేసే బీపీ మాత్రలు కొన్ని ఉంటాయి, వాటి మీద ఉన్నవాళ్లకు మేము ఎండ గంటలు ఇంకా తగ్గిస్తాం.