నెరిసిన జుట్టుతో మొదటి ఫోటో

చెవుల కిందికి కత్తిరించేశాను. రంగు లేదు, ఫిల్టర్ లేదు. ఉన్నది ఉన్నట్టు నేనే.

డై వేసిన ప్రతిసారీ నుదుటి అంచున, చెవుల వెనక దురద, ఎర్రటి దద్దుర్లు వచ్చేవి. నల్ల డైలలో ఎక్కువగా వాడే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదని, ఒకసారి అలర్జీ మొదలయ్యాక మళ్లీ వేసుకుంటే ఇంకా ఎక్కువ కావచ్చని డాక్టరు గారు చెప్పారు. ఆ రోజే ఆపేశాను.

ఆపడం తేలికే, ఆ తర్వాతి నెలలే కష్టం. పర్మనెంట్ డై తలస్నానంతో పోదు, జుట్టు పెరిగి కిందికి దిగాల్సిందే. పెరిగేదేమో నెలకు సుమారు 1 సెంటీమీటరు. పాపిట దగ్గర తెల్లటి చార, దాని కింద నల్లటి జడ. పెళ్లిళ్లలో ఎవరు పలకరించినా చూపు నా పాపిట మీదే ఉండేది. మొదట్లో కొంగు కప్పుకునేదాన్ని, తర్వాత అదీ మానేశాను.

నడుము దాకా ఉన్న జడ మొత్తం తెల్లబడాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే తెల్లజుట్టు చెవులు దాటేదాకా ఆగి, రంగున్నదంతా తీసేయమన్నాను. పార్లర్‌లో అమ్మాయి జడ చేతిలో పట్టుకుని, "మేడమ్, లైట్ బ్రౌన్ వేస్తే రెండూ కలిసిపోతాయి" అంది. "వద్దమ్మా, కత్తెర తీసుకో" అన్నాను.

అమ్మ వీడియో కాల్‌లో చూసి, "అచ్చం మీ నాన్నమ్మలా ఉన్నావే" అంది. ఎంత సంతోషమేసిందో! ఇక ఎవరైనా వయసు అడిగితే 48 అనే చెప్తాను.