అమ్మ, ఆవు మొదట్లోనే అయిపోతాయి

ఈరోజు ఆదివారం. అక్క కూతురు బుజ్జిని తీసుకుని గుంటూరు నుంచి విజయవాడ, అమ్మ వాళ్ళింటికి వెళ్ళాను. కిటికీ సీటు దొరికినా పెదకాకాని దాటకముందే దానికి విసుగొచ్చి "పిన్నీ, పదాల ఆట ఆడదామా" అంది. చివరి అక్షరంతో కొత్త పదం చెప్పాలి, గుణింతం ఏదైనా పర్లేదు, చివర సున్నా ఉంటే వదిలేయాలి, అంటే మంచం తర్వాత 'చ' అన్నమాట. చెప్పిన పదం మళ్ళీ చెప్పకూడదు, బహువచనాలు, మనుషుల పేర్లు వద్దు. ఒకరినొకరు ఓడించుకోవడం కాదు, ఇద్దరం కలిసి గొలుసును ఎంత పొడవు లాగగలమో చూడాలని ఒప్పందం.

బాగానే సాగింది కానీ కాజ టోల్ గేట్ దగ్గర కూరగాయల్లో పడ్డాం. అది వంకాయ అంది, నేను యజమాని అన్నాను. నిమ్మకాయ అంది, యాస అన్నాను. సొరకాయ, యోగం, గుమ్మడికాయ, యముడు. 'డ' వచ్చింది కదా, ఇక కాయలు అయిపోయాయనుకున్నాను, అది డబ్బా అనేసింది, నేను పొరపాటున బీరకాయ అన్నాను, దానికి 'య'తో ఒక్కటీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఇరవై మూడు పదాల దగ్గర ఆగిపోయాం. వారధి దిగాక గానీ యాత్ర గుర్తు రాలేదు నాకు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బుజ్జి రఫ్ నోట్సు వెనక పేజీలో కూర్చుని రాసుకుంటే విషయం అర్థమైంది. 'య'తో ముగిసే పదాలు కాయలన్నీ కలిపితే బోలెడు, 'య'తో మొదలయ్యేవి చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని తట్టాయి. ఒక్కో కాయ వాడినప్పుడల్లా ఒక 'య' పదం ఖర్చవుతుంది. 'డ' కూడా అంతే, తాడు, దేవుడు, స్నేహితుడు అంటూ 'డు'తో ముగిసేవి ఎన్ని ఉంటే ఏం లాభం, డేగ, డప్పు, డొంక లాంటివి ఎన్ని ఉన్నాయో అన్నిసార్లే అటు వెళ్ళి బయటికి రాగలం. అందుకే పొడవు కావాలంటే కాయలు దాచుకోవాలి, దగ్గర్లో యజమాని, యంత్రం సిద్ధంగా ఉన్నప్పుడే వాడాలి.

ఇంకోటి నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. అమ్మ, ఆవు, ఇల్లు, ఈగ, ఉడత, ఊరు… ఒకటో తరగతిలో అందరం నేర్చుకున్న ఈ పదాలేవీ గొలుసు మధ్యలోకి రావు! మన పదం ఏదీ విడి అచ్చుతో ముగియదు కదా, చివర ఎప్పుడూ హల్లుకి అంటుకున్న గుణింతమే. కాబట్టి అచ్చుతో మొదలయ్యే పదానికి గొలుసులో ఒక్కటే చోటు, మొట్టమొదటిది. ఇన్నేళ్ళుగా ఈ ఆట ఆడుతున్నాను, ఈరోజు దాకా ఈ సంగతి గమనించలేదు.

తిరుగు ప్రయాణంలో నోట్సు ఒళ్ళో పెట్టుకున్నాం. ఈసారి గొలుసు ఎక్కడైనా ఆగిపోతే చివర్లో తన్నుకోవడం మానేసి వెనక్కి వెళ్ళాం. ఉదాహరణకి ఒకచోట చిలక, కత్తి అని ఉంది. రెండింటి మధ్యా 'క' ఉంది కదా, అక్కడ తెంపి 'క'తో మొదలై 'క'తోనే ముగిసే ముక్క ఏదైనా దూర్చొచ్చు. చిలక, కల, లంక, కత్తి అయింది. మళ్ళీ కల, లంక మధ్యలో 'ల' దొరికింది, అక్కడ లెక్క, కాలు పెట్టాం. చిలక, కల, లెక్క, కాలు, లంక, కత్తి. రెండు పదాలు ఉన్నచోట ఆరయ్యాయి, మిగతా గొలుసు ఏమీ చెదరలేదు. కాకి, కుక్క, తాత, పాప, నాన్న, మామ లాంటివైతే ఇంకా తేలిక, మొదలూ చివరా ఒకే అక్షరం కాబట్టి ఆ అక్షరం వచ్చిన చోట ఒక్కటే పోయి కూర్చుంటుంది. బుజ్జి మా నాన్నని, దాని తాతనీ గొలుసులోకి ఎక్కించి తెగ మురిసిపోయింది (ఇద్దరూ ఒక్కరే, అయినా రెండు పదాలు!).

మంగళగిరి దాటాక అది ఊరికే కిటికీలోంచి చూస్తూ "వీణ" అంది. వద్దే, 'ణ'తో ఏ పదమూ మొదలవదు, అక్కడితో తెగిపోతుంది అన్నాను. బాణం, తోరణం కూడా అందుకే ఉదయం నుంచీ పక్కన పెట్టాం. "తెలుసు పిన్నీ, గొలుసు ఎక్కడో ఒకచోట ఆగాలిగా, వీణని చివర పెడదాం. ముందు ఎలాగూ ఉడత ఉంది" అంది.

అలాగే పెట్టాం. ఉడతతో మొదలు, వీణతో ఆఖరు, మధ్యలో యాభై తొమ్మిది. గుంటూరు బస్టాండులో దిగేటప్పుడు ఆ పేజీ చింపి నాకిమ్మంటే ఇవ్వలేదు.