వెనక బండి అన్న పట్టిక

ఈరోజు లెక్క రాసుకునేసరికి పదిన్నర అయింది. మా ఆవిడ లైటు తీసేయమంటోంది. ఈ ఒక్క పేజీ రాసి తీసేస్తానన్నాను.

విజయవాడ నుంచి కంకిపాడు వెళ్ళే బస్సులో కండక్టర్ని నేను. నా పట్టిక డిపో కోసం కాదు. డిపోకి కావలసినవన్నీ టికెట్లు కొట్టే టిమ్స్ మిషను చెప్పేస్తుంది. నాది నోటుపుస్తకం. ట్రిప్పుకో గీత. బయలుదేరిన టైము, కంకిపాడు చేరిన టైము, క్యాష్, ఎక్కిన జనం. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం మొదలయ్యాక జనం గడి తప్పనిసరైంది. అంతకుముందు క్యాష్ చూస్తే బండి నిండిందో లేదో తెలిసేది. ఇప్పుడు బండి కిటకిటలాడినా సంచీ బరువెక్కదు, సగం పైన జీరో టికెట్లే. జీరో టికెట్టుని కూడా మిషను లెక్కపెడుతుంది కాబట్టి మొత్తం టికెట్ల సంఖ్య తీసుకుంటే సరిపోతుంది. తోటి కండక్టర్లు కొందరు ఇంకా క్యాష్ ఒక్కటే చూసుకుని కలెక్షన్ పడిపోయిందని దిగులు పడుతుంటారు. క్యాష్ ఇప్పుడు మగాళ్ళ లెక్క మాత్రమే అంటే వినరు.

జనం గడిలోనే నాకు ఆ వింత కనపడింది. ఒకరోజు పొద్దున ట్రిప్పుకి తొంభై దాటతారు. ఇంకోరోజు అదే టైము, అదే బండి, అదే బందరు రోడ్డు, ముప్పై మంది. ఎక్కువైతే ఆ ఒక్క ట్రిప్పుతో పోదు, మధ్యాహ్నం భోజనానికి దిగేదాకా ప్రతి ట్రిప్పూ ఎక్కువే. తక్కువతో మొదలైతే అప్పటిదాకా తక్కువే. భోజనం తర్వాత మళ్ళీ ఎటైనా తిరగొచ్చు. వారం, పండగ, జీతాల రోజు, కాలేజీ సెలవు అన్నీ పక్కన రాసి చూశాను. మంగళవారం ఎక్కువ అనుకుంటే వచ్చే మంగళవారం పడుకునేది. మా డ్రైవర్ బాబాయ్ అయితే ఎవరి ముఖం చూసి లేచావో రాసుకో అన్నాడు.

తీగ దొరికింది వెనక బండి అన్న వల్ల. చార్టు ప్రకారం నా తర్వాత పది నిమిషాలకి ఆయన బండి బయలుదేరుతుంది. కలెక్షన్ తగ్గిందని ఆయన్ని ఒక అధికారి పిలిచి సంజాయిషీ అడిగాడు. అడిగిన తీరులోనే జేబులో వేసుకుంటున్నావేమో అన్న అనుమానం ఉంది. అన్న బస్టాండులో టీ తాగకుండా కూర్చుంటే, మీ అంకెలు ఇవ్వు అన్నా, నా వాటి పక్కన పెట్టి చూద్దాం అన్నాను.

పక్కపక్కన పెడితే తేలిపోయింది. నాకు 94 ఉన్నరోజు ఆయనకి 31. నాకు 40 ఉన్నరోజు ఆయనకి 83. రెండూ కూడితే ఎప్పుడూ 120, 130 మధ్యనే తిరుగుతోంది. ఏతం మానులా ఒకటి లేస్తే ఒకటి దిగుతోంది. అన్న గనక టికెట్టు కొట్టకుండా డబ్బు తీసుకుంటుంటే నా బండిలో జనం ఎందుకు పెరుగుతారు? ఆయన దగ్గర తగ్గినవాళ్ళు దాదాపు తలకి తల నా బండిలో ఉన్నారు.

మరి ఎందుకలా? దానికి బయలుదేరిన టైము, చేరిన టైము గడులు చూడాలి. నాకు జనం ఎక్కువైన రోజులన్నీ కంట్రోల్ రూం దగ్గరో పాత బస్టాండు దగ్గరో రెండు మూడు నిమిషాలు చిక్కుకుపోయిన రోజులు.

లెక్క ఇలా ఉంటుంది. ఒక స్టాపులో నిమిషానికి ఒకరు వస్తున్నారనుకుందాం. పది నిమిషాల తేడాతో వెళ్తే నాకోసం పదిమంది ఉంటారు. మూడు నిమిషాలు లేటైతే పదముగ్గురు. ఒక మనిషి ఎక్కడానికి నాలుగు సెకన్లు వేసుకుంటే ఆ ముగ్గురికి పన్నెండు సెకన్లు అదనం. పన్నెండు సెకన్లే కదా అనిపిస్తుంది. కానీ తర్వాతి స్టాపుకి నేను మూడు నిమిషాల పన్నెండు సెకన్ల లేటుతో వెళ్తాను, అక్కడ జనం ఇంకొంచెం ఎక్కువ, ఆగేది ఇంకొంచెం ఎక్కువ. చక్రవడ్డీ అన్నమాట. స్టాపుకి పదిహేనో వంతు చొప్పున పెరుగుతూ పోతే పదిహేను స్టాపులయ్యేసరికి ఆ మూడు నిమిషాలు దాదాపు ఎనిమిది అవుతాయి. ఇందులో టికెట్ల పని కలపలేదు. జనం ఎక్కువైతే ఆధార్లు చూసి జీరో టికెట్లు కొట్టడం స్టేజీ దాటేలోపు అవ్వదు, బండి పక్కకి తీయించి కొట్టాల్సిందే.

వెనక బండికి ఇదే తిరగబడుతుంది. స్టాపులన్నీ నేను ఊడ్చుకుంటూ పోతుంటే అన్నకి మిగిలేది నేను వెళ్ళాక వచ్చినవాళ్ళే. ఏడుగురు, తర్వాత ఐదుగురు, తర్వాత ఇద్దరు. ఆగేది తక్కువ కాబట్టి బండి ఇంకా ముందుకొస్తుంది. పోరంకి దగ్గరికొచ్చేసరికి ఆయన హారన్ నా వెనకే వినపడుతుంది. రోడ్డు మీద జనం చూసేది అదే, అరగంట ఒక్క బండీ రాదు, వస్తే రెండు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, ముందుది కిక్కిరిసి, వెనకది ఖాళీగా. కావాలని కలిసి వస్తారని మమ్మల్ని తిడతారు. మా మేనల్లుడు కానూరులో సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడికి చూపిస్తే ఇది బస్ బంచింగ్ మావయ్యా, 1964లోనే న్యూవెల్, పాట్స్ అనే ఇద్దరు లెక్కగట్టి రాశారు అన్నాడు. నేను పుట్టకముందే తేలిన సంగతికి ఇవాళ సంజాయిషీ అడుగుతున్నారన్నమాట.

మధ్యాహ్నం దాకా ఎందుకు సాగుతుందో కూడా దీంతో అర్థమైంది. కంకిపాడులో మాకు దొరికేది ఐదు నిమిషాలు. ఎనిమిది నిమిషాల లేటు ఐదు నిమిషాల్లో తీరదు. మిగిలిన మూడుతో తిరుగు ట్రిప్పు మొదలైతే కథ మళ్ళీ మొదటికే. భోజనం బ్రేకు పెద్దది కాబట్టి అక్కడ అందరం మళ్ళీ చార్టు టైముకి వస్తాం.

పట్టికలో ఇంకో సంగతి ఉంది. మామూలు రోజుల్లో రెండు బళ్ళ మొత్తం 130కి దగ్గరగా ఉంటే, రెండూ అంటుకుపోయిన రోజుల్లో 120 దగ్గరే ఆగుతోంది. ఆ పదిమంది ఏమయ్యారో బెంజి సర్కిల్లో నిలబడితే కనపడుతుంది. బండి రాకపోతే ముందు మగాళ్ళు కదులుతారు, షేర్ ఆటో వాడు పటమట, ఆటోనగర్ అని అరుస్తూనే ఉంటాడు. ఆడవాళ్ళు ఉచితం కాబట్టి ఇంకాసేపు చూస్తారు. అంటే పోయేది క్యాష్ టికెట్లే. జనంలో పది తగ్గితే క్యాష్‌లో దెబ్బ అంతకంటే గట్టిగా తగులుతుంది.

ఆగిన వాళ్ళకి ఎంత నష్టమో పుస్తకంలో గడి లేదు గానీ వేసి చూడొచ్చు. పది పది నిమిషాలకి బండి వస్తే మనిషి సగటున ఐదు నిమిషాలు నిలబడతాడు. అదే ఇరవై నిమిషాల్లో రెండు బళ్ళూ పద్దెనిమిది, రెండు నిమిషాల తేడాతో వస్తే, ఇరవైమందిలో పద్దెనిమిది మంది ఆ పెద్ద సందులోనే వస్తారు, తలా తొమ్మిది నిమిషాలు చూస్తారు. సగటు ఎనిమిది నిమిషాలు దాటుతుంది. బళ్ళు తగ్గలేదు, డీజిల్ తగ్గలేదు, జనం మాత్రం ఎండలో ఎక్కువసేపు నిలబడ్డారు.

వెనక బండి దాటి ముందుకి పోవచ్చు కదా అని బాబాయ్ అంటాడు. కొందరు పోతారు కూడా. వరస మారుతుందే గానీ రెండూ దగ్గరగానే ఉంటాయి, పైగా చివర్లో కంట్రోలర్‌తో మాటపడాలి. విడదీయాలంటే వెనకది ఆగాలి.

ఇవాళ అదే చేశాం. ఎనిమిది గంటల పది నిమిషాల ట్రిప్పు. కంట్రోల్ రూం దగ్గర లారీ అడ్డం తిరిగి మూడు నిమిషాలు పోయాయి. పాత బస్టాండు దాటగానే ఫోన్ చేసి, అన్నా, బెంజి సర్కిల్లో ఒక మూడు నిమిషాలు ఆపు అన్నాను. ఆపాడు. లోపల ఉన్నవాళ్ళు ఊరుకోలేదట. ఇంజన్ ఆగిందా, డ్రైవర్‌కి నిద్దరొచ్చిందా అని మొదలుపెట్టారు, ఒకాయన టికెట్టు చేతిలో పెట్టుకునే దిగి ఆటో ఎక్కేశాడు. పాపం ఆయన చెప్పేదీ న్యాయమే, ఎక్కిన బండిని ఆపి ఎక్కనివాళ్ళ కోసం చూడమంటే ఎవడికి నచ్చుతుంది? అందుకే ఆపితే మొదటి స్టాపుల్లోనే, బండి పలచగా ఉన్నప్పుడే ఆపాలి. పోరంకిలో ఆపితే కొడతారు. నా వంతుగా నేను పటమటలో గుమ్మం దగ్గర నిలబడి, వెనక ఖాళీ బండి వస్తోందమ్మా, కూర్చుని వెళ్ళొచ్చు అని అరిచాను. నలుగురైదుగురు ఆగారు, మిగతావాళ్ళు నన్ను నమ్మలేదు. ఈ ఊళ్ళో కండక్టరు మాట నమ్మి బస్సు వదులుకున్నవాడు లేడు.

కంకిపాడులో లెక్క చూస్తే నాకు 71, అన్నకి 58. మొత్తం 129. ఇద్దరికీ సమానంగా రాలేదు గానీ అన్నని పిలిచి అడిగే అంకె కాదు. ఒక్కరోజుది పెట్టుకుని ఏమీ చెప్పలేం, లారీ అడ్డం రాకపోయినా ఇలాగే ఉండేదేమో. కాకపోతే తర్వాతి ట్రిప్పుల్లో కూడా తేడా పెరగలేదు, అది నాకు నచ్చింది.

అన్న సంజాయిషీ కాగితం శుక్రవారానికి ఇవ్వాలి. రెండు బళ్ళ అంకెలు పక్కపక్కన రాసి, మూడో గడిలో మొత్తం వేసి, నాలుగో గడిలో నా లేటు నిమిషాలు వేశాను. దాని కింద నేను కూడా సంతకం పెడతానన్నాను. నీకెందుకురా అన్నాడు. నా అంకెలు లేకపోతే నీ కాగితానికి విలువేముంది అన్నా అన్నాను. రేపు వాళ్ళ డ్రైవర్‌కి వీక్లీ ఆఫ్, రిలీవర్ వస్తాడు. అతనికి ఈ ఆపడం గొడవ తెలియదు. ఐదింటికే ఫోన్ చేసి చెప్పాలి.