తప్పు ఎక్కడుందో గుణించి పట్టుకున్నాం

మా అన్న కూతురు అనంతపురంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. బహుపదుల భాగహారం మీద బడిలో ఇచ్చిన వర్క్‌షీట్ పట్టుకుని ఆదివారం మా ఇంటికొచ్చింది. భాగఫలం, శేషం కనుక్కోవాలి, శేష సిద్ధాంతంతో ఒకసారి, గుణించి ఇంకోసారి సరిచూడాలి. జవాబులు ఇవ్వలేదు. పాప లెక్కలన్నీ చేసేసింది గానీ సరిచూడాల్సిన చోట 'సరిచూడడమైనది' అని రాసి ఊరుకుంది. పిల్లలందరూ చేసే పనే.

2x³ − 5x + 7 ని x − 2 తో భాగించే లెక్క ముందు తీశాను. పాపకు భాగఫలం 2x² − 1, శేషం 5 వచ్చాయి. x − 2 తో భాగిస్తే మిగిలే శేషం, x బదులు 2 పెడితే వచ్చే విలువే కదా. 16 − 10 + 7, అంటే 13. ఆమెకు వచ్చింది 5.

"రాంగని తెలిసింది చిన్నాయనా. యాడ రాంగో ఎట్ల తెలుస్తాది?" అనింది.

శేష సిద్ధాంతం ఆ సంగతి చెప్పదు. అందుకే ఆమె జవాబునే గుణించమన్నాను:

(x − 2)(2x² − 1) + 5 = 2x³ − 4x² − x + 7

దీని పైన అసలు బహుపదిని 2x³ + 0x² − 5x + 7 అని రాసి, గడి గడికీ పోల్చాం. x² దగ్గర 0 ఉండాల్సింది −4 అయింది. x దగ్గర −5 ఉండాల్సింది −1 అయింది. ఒక గడిలో 4 తగ్గితే పక్క గడిలో 4 పెరిగింది. అంటే −4x² తన గడిలో కాకుండా x గడిలో పడిందన్నమాట. నోట్సు చూస్తే అదే. ఇచ్చిన లెక్కలో x² పదం లేదు కాబట్టి దానికి చోటు వదలలేదు. 2x² ని x − 2 తో గుణించగా వచ్చిన −4x² ని తీసుకెళ్లి −5x కింద రాసి, తీసివేసి −x అనేసింది.

ఈసారి 0x² రాసి మళ్లీ మొదలుపెట్టింది. భాగఫలం 2x² − 4x − 13, శేషం −19 వచ్చాయి. మళ్లీ గుణిస్తే 2x³ − 8x² − 5x + 7. ఇప్పుడు x², అదొక్కటే తేడా. మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయి.

పాప దీనికి ఆశ్చర్యపోయింది. భాగఫలంలో రెండు పదాలు, శేషం తప్పయినా, గుణిస్తే తప్పు ఒక్క గడిలోనే ఎందుకు కనిపించిందని. ఒకచోట తీసివేత తప్పాక కింద చేసిందంతా సరైన భాగహారమే. కాకపోతే అది వేరే బహుపదికి చేసిన భాగహారం. గుణిస్తే ఆ వేరే బహుపదే తిరిగొస్తుంది. అసలుదానికీ దానికీ తేడా ఉన్న గడే తీసివేత తప్పిన గడి. తేడా 8, అంటే 4 కు రెట్టింపు. గుర్తు తారుమారైతే ఇట్లా రెట్టింపు తేడా వస్తుంది. 0 − (−4) ని ఆమె −4 అని రాసింది. దాన్ని +4 చేసి పోతే 2x² + 4x + 3, శేషం 13. గుణిస్తే ఇచ్చిన బహుపది పూర్తిగా తిరిగొచ్చింది.

"ఇంత గుణకారం ఎందుకు, x బదులు 1 పెట్టి చూస్తే పోలా?" అని మా అన్న పక్కనుంచి అడిగాడు. అది త్వరగా అయ్యేదే. కానీ పాప మొదటి జవాబులోనే పెట్టి చూపించాను. (1 − 2)(2 − 1) + 5 = 4. అసలు బహుపదిలో 1 పెట్టినా 2 − 5 + 7 = 4. తప్పు జవాబు కూడా దర్జాగా పాసైపోయింది. 1 పెడితే గుణకాల మొత్తమే చూస్తాం, ఒక గడి నుంచి పక్క గడికి జారిన 4 ఆ మొత్తంలో కనబడదు.

చివరి లెక్క x⁴ + 3x − 2 ని x² + 1 తో. అక్కడ x² + 1 ని సున్నా చేసే వాస్తవ సంఖ్య లేదు కాబట్టి, x బదులు ఒక సంఖ్య పెట్టి శేషం చూసే దారి మూసుకుపోయింది. పాప ఒక్క మెట్టు భాగించి భాగఫలం x², శేషం −x² + 3x − 2 అని ఆపేసింది. గుణించింది, సరిపోయింది, పెన్ను పెట్టేసింది. గుణకారం ఈ ఒక్కదాన్ని పట్టుకోలేదు. భాగహారం మధ్యలో ఎక్కడ ఆపినా గుణిస్తే లెక్క కుదురుతుంది. శేషం పరిమాణం భాజకం పరిమాణం కంటే తక్కువుందా అని విడిగా చూసుకోవాల్సిందే. ఇక్కడ రెండింటికీ పరిమాణం 2. ఇంకో మెట్టు దిగితే భాగఫలం x² − 1, శేషం 3x − 1 వచ్చాయి. 3x ని x² తో ఇక భాగించలేం కాబట్టి లెక్క అక్కడితో అయిపోయింది.