ఇరవై సరే, ముప్పై ఏదీ?

పదకొండు దాటింది. పడుకుందామంటే ఆ బ్యూరెట్, డ్రిప్‌కి పెట్టే ఆ గీతల గొట్టం, కళ్ల ముందు నుంచి పోవడం లేదు. మా ఆయన "మళ్లీ మొదలైందా" అని అటు తిరిగి పడుకున్నాడు. ఆయనకేం, ఆఫీసులో తప్పొస్తే మర్నాడు సరిచేసుకుంటాడు. అత్తయ్య మాత్రం హాల్లోంచి "పాలు తాగి పడుకో" అంటూనే ఉంది. పాలు చల్లారిపోయాయి.

సంగతేమీ పెద్దది కాదు. నర్సింగ్ ల్యాబ్‌లో సెకండియర్ పిల్లలకి డైల్యూషన్, అంటే చిక్కటి మందుని పలచన చేసే ప్రాక్టీస్. ఆర్డరు: 10 శాతం డెక్స్‌ట్రోజ్, 50 మి.లీ. మన దగ్గరున్న స్టాకు 25 శాతం. మా కదిరి అమ్మాయి బోర్డు మీద చకచకా రాసేసింది. C1 × V1 = C2 × V2. C అంటే శాతం, V అంటే మి.లీ.లు, 1 స్టాకుది, 2 మనకి కావలసినదానిది. అంటే 25 × V1 = 10 × 50. ఐదొందల్ని పాతికతో భాగిస్తే 20 మి.లీ. ఒక్క దిద్దుబాటు లేదు, చేతిరాత కూడా ముత్యాల్లా ఉంది. నాకు భలే సంతోషమేసింది. తర్వాత బ్యూరెట్ సెట్లో 20 పోసింది. దాని మీద 50 మి.లీ. నీళ్లు కూడా పోసేసింది.

నీళ్ల మట్టం 70 గీత దగ్గర నిలబడింది. ఆర్డరు 50 కదా, కళ్లెదురుగా 70 కనిపిస్తోంది కదా, చుట్టూ నిలబడ్డ అంతమందిలో ఒక్కరికీ ఏమీ అనిపించలేదు. "అయిపోయింది మేడమ్" అని లేబుల్ మీద 10 శాతం అని రాయబోయింది. అందులో ఉన్నది 10 శాతం కాదమ్మా. 25 శాతం అంటే 100 మి.లీ.లో 25 గ్రాములు, కాబట్టి నువ్వు పోసిన 20 మి.లీ.లో ఉన్నది 5 గ్రాములు. ఆ 5 గ్రాములు 70 మి.లీ.లో పరుచుకుంటే దాదాపు 7.1 శాతం. షుగరు పడిపోయిన పసిబిడ్డకి గంటకిన్ని మి.లీ. అని డాక్టరు లెక్కకట్టి రాస్తే, ఆ మి.లీ.లు సరిగ్గానే వెళ్తాయి, చక్కెర మాత్రం పావు వంతుకి పైగా తక్కువ వెళ్తుంది. పంపులో చూసినా చార్టులో చూసినా ఏ తప్పూ దొరకదు. మళ్లీ షుగరు చూసినప్పుడు అది పెరగకపోతే, అప్పుడు వెతుక్కోవాలి.

ఆ పిల్ల మీద కోపం రాలేదు. వచ్చిందంతా ప్రశ్నపత్రాల మీద. ఇంటికొస్తూ బస్సులో, అదే 500డి, సిల్క్ బోర్డు దగ్గర కదలదుగా, ఫోన్లో పాత పేపర్లన్నీ తిరగేశాను. అన్నిట్లోనూ ఇదే వరస. "ఎంత స్టాకు కావాలి?" అని అడుగుతారు, జవాబు 20 మి.లీ., ఫుల్ మార్కులు, తర్వాతి ప్రశ్న. నీళ్లు ఎంత అని అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు. పిల్లలు 20 దగ్గర పెన్ను దించేస్తారు, వాళ్ల తప్పేముంది, పేపరే అక్కడితో ఆపేసింది. దిద్దేవాళ్లకి కూడా అదే సుఖం, ఒక అంకె చూసి టిక్ పెట్టేయొచ్చు. ఈ మాట స్టాఫ్ రూములో అంటే "సిలబస్‌లో ఉన్నంతే అడుగుతాం కదా" అన్నారు ఒకరు. నిజమే, బిడ్డకి కూడా సిలబస్‌లో ఉన్నంత చక్కెరే చాలులే. (అనలేదు. అనాల్సింది.)

బస్సులో ఉండగా ఒక నిర్ణయానికి వచ్చేశాను, రేపటినుంచి ఆ ఫార్ములా బోర్డు మీద రాయనివ్వను, అంతా గ్రాముల్లోనే చెప్తాను అని. కావలసింది 50 మి.లీ., 10 శాతం, అంటే 5 గ్రాములు. 25 శాతం స్టాకులో 5 గ్రాములు ఎంతలో ఉన్నాయి? 20 మి.లీ.లో. అది పోసి, మొత్తం 50 అయ్యేదాకా నీళ్లు. ఫార్ములాలో ఉన్నది ఇంతకంటే ఏముంది? స్టాకు నుంచి ఎంత మందు తీశామో అంతే మందు కలిపినదాంట్లోనూ ఉంటుంది, మధ్యలో ఎక్కడికీ పోదు. సాంబారులో ఉప్పెక్కువైందని నీళ్లు పోస్తే ఉప్పేమన్నా ఆవిరైపోతుందా, అలాగే. ఆ సమాన గుర్తుకి రెండు పక్కలా ఉన్నది ఆ 5 గ్రాములే.

నేను చదువుకునేటప్పుడు పిల్లల వార్డులో ఒక మలయాళీ సిస్టర్ ఉండేది. ఆమె తెలుగు రాదు రాదంటూనే అన్నీ తెలుగులో తిట్టేది. లెక్క మొదలుపెట్టే ముందు మా కాగితం మీద అరచెయ్యి బోర్లించేసి "ఎక్కువా, తక్కువా?" అనేది. అంటే తీయబోయే స్టాకు మొత్తం కంటే ఎక్కువుంటుందా తక్కువుంటుందా అని. చెప్పేదాకా చెయ్యి తీసేది కాదు. అప్పట్లో ఒళ్లు మండేది. లెక్క చేస్తే తెలుస్తుందిగా, ముందే ఎందుకు చెప్పాలి? కానీ ఒకసారి నా పక్కనున్న అమ్మాయి ఫార్ములా తిరగేసి 25ని 10తో భాగించి 50తో గుణించింది, 125 మి.లీ. వచ్చింది. 50 మి.లీ. మందు తయారు చేయడానికి 125 మి.లీ. స్టాకు! ముందే "తక్కువ" అని నోటితో చెప్పి ఉంది కాబట్టి తనకి తనే ఆగిపోయింది, సిస్టర్ నోరు విప్పాల్సిన పని లేకపోయింది. చిక్కటిదాన్ని పలచన చేస్తున్నాం అంటే స్టాకు ఎప్పుడూ మొత్తం కంటే తక్కువే ఉండాలి, అందుకు లెక్క కూడా అక్కర్లేదు. ఆవిడ ఖాళీ ఆంప్యూల్‌ని కూడా వెంటనే పారేయనిచ్చేది కాదు. ట్రేలో సిరంజి పక్కనే ఉండాలి, ఇంకో నర్సు వచ్చి దాని మీద శాతం చదివాకే చెత్తబుట్టలోకి. ఒక్కోసారి ఆ ఇంకో నర్సు టీకి వెళ్లేది, మేం ఆంప్యూల్‌కి కాపలా కాస్తూ నిలబడేవాళ్లం. ఆ ట్రే, దాని మూల విరిగిన ఎనామిల్, దాని మీద అంటించిన ప్లాస్టర్ ముక్క, అన్నీ ఇప్పటికీ గుర్తే. సిస్టర్ ఇప్పుడెక్కడుందో.

ఏదో చెప్తున్నాను. ఆ, ఫార్ములా.

ఇంటికొచ్చి చపాతీలు చేస్తూ ఉంటే మళ్లీ మనసు మారింది. ఫార్ములాని తీసేయడం ఎందుకు, పాపం అదేం చేసింది? దాంట్లో V2 అంటే కలిపిన తర్వాత ఉండే మొత్తం, అది ఎప్పుడూ పోయాల్సిన నీళ్లు కాదు. ఆ ఒక్కటి చెప్పకుండా వదిలేసింది మనమే. నీళ్లు కావాలంటే మొత్తంలోంచి స్టాకు తీసేయాలి, 50లోంచి 20 పోతే 30. ఆ తీసివేత ఫార్ములాలో కనిపించదు కాబట్టి పిల్లలకి అది లెక్కలో భాగంగానే అనిపించదు. చేసేటప్పుడు కూడా 30 కొలిచి పోయమనడం కంటే 20 పోశాక 50 గీత దాకా నింపు అంటే చాలు. నింపాక మెల్లగా అటూ ఇటూ తిప్పి కలపాలి, డెక్స్‌ట్రోజ్ నీళ్లకంటే బరువు, కలపకపోతే అడుగునే కూర్చుంటుంది. అప్పుడు మొదట వెళ్లేది చిక్కటిది. అసలు పలచన చేయకుండా 25 శాతాన్నే చేతి నరంలోకి పంపిస్తే ఏమవుతుందో తెలిసిందే, పసిపిల్లల్లో మామూలు నరానికి 12.5 శాతం దాటనివ్వరు, నరం వాచిపోతుంది, బయటికి కారితే చర్మం కూడా దెబ్బతింటుంది. ఇదంతా రెడీగా దొరికే 10 శాతం సీసా వార్డులో లేనప్పుడే, ఉంటే అదే వాడాలి, మంచం పక్కన కలపడం ఎప్పుడూ రెండో దారే.

ఫార్ములాని వెనకేసుకురావడానికి ఇంకో కారణం ఉంది. వార్డు వెనక కడిగే గదిలో గోడకి ఒక చార్టు ఉంటుంది, క్రిములు చంపే బ్లీచింగ్ మందు హైపోక్లోరైట్ 200 మి.లీ., నీళ్లు 800 మి.లీ. అని. స్టాకు 5 శాతం అయితే అది సరిగ్గా 1 శాతం. ఈ మధ్య వచ్చిన డబ్బా మీద 10 శాతం అని ఉంది, ఎవరూ చూడలేదు, 200 పోస్తూనే ఉన్నారు. అంటే 2 శాతం, కళ్లు మండుతున్నాయని ఆయమ్మ మొత్తుకుంటోంది. ఫార్ములాలో 10 పెట్టుంటే 100 మి.లీ. అని వెంటనే వచ్చేది, నీళ్లు 900. చార్టు చించేయాలనిపించింది కానీ, రాత్రి రెండు గంటలకి బకెట్టు పట్టుకున్న మనిషిని లెక్క చేయమనలేం. చార్టు ఉండనీ, పైన "స్టాకు 5 శాతం అయితేనే" అని ఎర్రగా రాయాలి, 10కి ఇంకో వరస కలపాలి. అదీ పూర్తి నమ్మకం కాదు, హైపోక్లోరైట్ నిలవున్న కొద్దీ బలం తగ్గిపోతుంది, డబ్బా ఎండలో ఉంటే మరీను, ఫార్ములాకి మాత్రం లేబుల్ మీదున్న అంకే తెలుసు. అందుకే కలిపింది ఏ రోజుకారోజు కలుపుకోవాలి.

ఒక్క మంచి ముక్క కూడా రాసేస్తాను, లేకపోతే చదివేవాళ్లు ఈమెకి ఎప్పుడూ ఏడుపే అంటారు. క్లాసయ్యాక ఆ కదిరి అమ్మాయే వెనకాల వచ్చి "మేడమ్, స్టెరైల్ వాటర్ లేక 5 శాతం డెక్స్‌ట్రోజే ఉంటే దాంతో 50 దాకా నింపొచ్చా?" అంది. ఎంత మంచి ప్రశ్న! నింపకూడదు. ఈ ఫార్ములా కలిపేదాంట్లో మందు అసలు లేనప్పుడే పనిచేస్తుంది. 20 మి.లీ. 25 శాతంలో 5 గ్రాములు, 30 మి.లీ. 5 శాతంలో ఒకటిన్నర గ్రాము, మొత్తం ఆరున్నర, అంటే 13 శాతం అయిపోతుంది. దాంతో కలపాలంటే 25 శాతం 12.5 మి.లీ., 5 శాతం 37.5 మి.లీ., గ్రాములు కూడి చూసుకుంటే 5 వస్తాయి. అది వేరే లెక్క, గ్రాముల దారిలోనే తేలిగ్గా దొరుకుతుంది. (కాబట్టి గ్రాములూ ఉండాలి, ఫార్ములా ఉండాలి, బస్సులో తీసుకున్న నిర్ణయం బస్సులోనే పోయింది.)

రేపు ఇంటర్నల్ పేపరు నేనే పెట్టాలి. ప్రశ్న కింద మూడు గీతలు గీస్తాను. స్టాకు ఎంత, నీళ్లు ఎంత, చివరికి ఏ గీత దగ్గర ఆగాలి. మూడూ రాస్తేనే మార్కు, సగం మార్కులు లేవు. స్టాఫ్ రూములో గొడవవుతుంది, అవనీ.