పుర్రచేతి పిల్లకు వైసు ఏ మూలన బిగించాలి

డాలస్‌లో మా గ్యారేజీలో, కోసే ముక్కను కదలకుండా దవడల మధ్య పట్టి ఉంచే బెంచ్ వైసు ఒకటి ఉండేది. ప్లైవుడ్ బల్ల మీద పెట్టి, పైనుంచి నాలుగు లావు చెక్క స్క్రూలతో నేనే బిగించాను. కిందటేడు మా బిడ్డ బడి ప్రాజెక్టు కోసం దాంట్లో ఇనుప కడ్డీ పట్టించి తనవైపు లాగి వంచుతుంటే, వెనకవైపు స్క్రూలు రెండూ పొట్టుతో సహా ఊడొచ్చాయి. వైసు ముందుకు ఒరిగి బల్ల అంచు మీద వేలాడింది. పన్నెండేళ్ల పిల్ల పాదం దానికి జానెడు దూరంలో ఉంది. ఆ సాయంత్రమంతా నాకు చేతులు వణుకుతూనే ఉన్నాయి.

సెలవులకు వరంగల్ వచ్చినప్పుడు ఈ సంగతి బాపుకు చెప్పాను. బాపు ఆజంజాహి మిల్లులో ఫిట్టరుగా పనిచేసినాయన. "మనం ముందుకు గుంజితే వెనక కాళ్లు మీదికి లేస్తయి బిడ్డా. చెక్కల దిగిన స్క్రూ ఎన్నిసార్లని ఆపుతది? బోల్టు ఆరుపారు పోవాలె, కిందినుంచి ఇనుము పట్టుకోవాలె," అన్నాడు. అని ఊరుకోలేదు. ఏళ్లుగా గోనెసంచిలో చుట్టిపెట్టిన తన నాలుగంగుళాల వైసు బయటికి తీశాడు. కరీమాబాద్‌లోని మా ఇంటి వసారాలో వేపచెక్క బల్ల ఒకటుంది. వైసు దానికి బిగిద్దామని, మనవరాలే బిగించాలని తేల్చాడు.

మొదటి పేచీ చోటు దగ్గరే వచ్చింది. వైసు ఎప్పుడూ బల్ల కాలు మీదికి రావాలి. కాళ్ల నడుమ పెడితే సుత్తి దెబ్బకి పలక ఊగుతుంది, దెబ్బలో సగం ఆ ఊపుకే పోతుంది. బాపు అలవాటుగా కుడి కాలు దగ్గర పెట్టాడు. మా బిడ్డది పుర్రచెయ్యి. ఇక్కడికి వచ్చినప్పుడల్లా అన్నం ముద్ద దగ్గర, ప్రసాదం దగ్గర, ఎవరికైనా డబ్బులిచ్చే దగ్గర "కుడిచేత్తో, కుడిచేత్తో" అని అమ్మ గుర్తుచేస్తూనే ఉంటుంది. అందులో చాలావరకు నేనూ అమ్మవైపే. నలుగురిలో ప్రసాదం కుడిచేత్తో అందుకోవడం నేర్చుకుంటే పిల్లకు నష్టమేమీ లేదు. ఆకురాయి, హాక్సా మాత్రం వేరు. వాటిని చేతకాని చేత్తో పట్టిస్తే దెబ్బ తగులుతుంది. ఆ మాట బాపుతో ఎలా అనాలా అని నేను తటపటాయిస్తుంటే ఆయనే పిల్లకు హాక్సా ఇచ్చి, "కొయ్యి చూద్దాం, ఉత్తగనే" అన్నాడు.

వైసు ఇంకా బోల్టులతో బిగించలేదు, రెండు సీ క్లాంపులతో బల్లకు పట్టి ఉంచామంతే. చిల్లులు వేయకముందు ఇలా పెట్టి చూసుకోవడమే మంచిదైంది. కుడిచేతి మనిషి ఎడమకాలు ముందుకు వేసి, వైసుకు కొంచెం ఎడమపక్కగా నిలబడి కోస్తాడు. పుర్రచేతి మనిషికి అదంతా తిరగబడుతుంది, ఒళ్లు వైసుకు కుడిపక్కన ఉంటుంది. మా వసారాలో బల్లకు కుడిపక్కన గోడ. పిల్ల భుజం గోడకు ఆనింది, మోచెయ్యి వెనక్కి రాలేదు. బాపు రెండు నిమిషాలు చూసి, ఏమీ అనకుండా క్లాంపులు విప్పి వైసును ఎడమ కాలు దగ్గరికి జరిపాడు. బల్లకు ఎడమపక్క వాకిలి, అంతా ఖాళీ. ఇప్పుడు తను వైసుకు ఎడమపక్క వాకిట్లోకి నిలబడొచ్చు, పిల్ల కుడిపక్కన బల్ల ముందర నిలబడొచ్చు. పొడుగు కడ్డీ కూడా ఎడమవైపు అడ్డులేకుండా బయటికి పోతుంది. అమ్మ వంటింటి గుమ్మంలోంచి చూస్తూ ఉంది. ఆ రోజు ఆ చెయ్యి గురించి మళ్లీ మాట రాలేదు.

తర్వాత ముందువెనకలు. వైసుకు రెండు దవడలుంటాయి కదా, వెనకది కదలదు, ముందుది బయటికి వస్తుంది. ఆ కదలని దవడ ముఖం బల్ల అంచుకంటే కొద్దిగా, మూడు నాలుగు మిల్లీమీటర్లు, బయటికి ఉండాలి. అప్పుడు పొడుగు పట్టీని నిలువుగా పట్టిస్తే బల్లకు తగలకుండా నేలదాకా దిగుతుంది. లోపలికి పెడితే పట్టీ అంచుకు తట్టుకుని వంకరగా నిలుస్తుంది. తిప్పే పిడి కూడా అంచుకు కొట్టుకుంటుంది, వేళ్లు నలుగుతాయి. పిల్ల తన స్కేలును దవడల్లో నిలువుగా పట్టించి కిందికి చూసి, "తాతా, తగలట్లేదు" అంది.

ఎత్తుకు కొలత మోచెయ్యి. నిటారుగా నిలబడి చెయ్యి మడిస్తే దవడల పైభాగం మోచేతి దగ్గరికి రావాలి. బల్ల 86 సెంటీమీటర్లు, వైసు 16, మొత్తం 102. బాపు మోచెయ్యి 103 దగ్గరుంది, పిల్లది 93. బల్ల కాళ్లు కోసే పని లేకుండా, పిల్ల నిలబడడానికి తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తు, రెండు పాదాలూ దూరంగా పెట్టుకునేంత వెడల్పు ఉన్న పీట చేశాం. వంటింటి పీట చిన్నది, ఊగుతుంది, దాని మీద నిలబడనివ్వకూడదు.

బోల్టుల దగ్గరే నేను కొత్త సంగతి నేర్చుకున్నాను. వైసు అడుగున బోల్టులు దిగే చెవుల చిల్లులు 13 మిల్లీమీటర్లు, కాబట్టి 12 మిల్లీమీటర్ల బోల్టు. పొడవెంత అని పిల్లతోనే లెక్క కట్టించాడు బాపు. పై వాషరు రెండున్నర, వైసు చెవి 15, బల్ల పలక 42, కింద ఇనుప పట్టీ 6, కింది వాషరు రెండున్నర. అంతా కలిపి 68. దాని కింద, లోపల నైలాన్ రింగు ఉండి తనంతట వదులవ్వని నైలాక్ నట్టు 12, అంటే 80. నట్టు దాటి రెండు మూడు మరలైనా బయటికి కనబడాలి, అంటే ఇంకో అయిదు. 85 తక్కువ కాకుండా ఉండాలి. చౌరస్తా దగ్గర హార్డ్‌వేర్ దుకాణంలో 90 అడిగితే, "100 తీసుకపోండమ్మా, పొడుగుంటే మంచిదేగా" అన్నాడతను. నాకూ నిజమేననిపించి తెచ్చాను.

ఇంటికొచ్చాక బాపు ఒక బోల్టు పిల్ల చేతిలో పెట్టి, మరలు ఎక్కడ మొదలయ్యాయో కొలవమన్నాడు. ఇలాంటి బోల్టుకు మరలు పొడవునా ఉండవు. చివర 30 మిల్లీమీటర్లే మరలున్నాయి, పైన 70 నున్నటి కడ్డీ. మనం బిగించాల్సిన మందం 68. నట్టు తిరుగుతూ తిరుగుతూ వచ్చి మరలు అయిపోయినచోట ఆగిపోతుంది. పానాకు గట్టిగా బిగుసుకున్నట్టే తెలుస్తుంది, వైసు మాత్రం రెండు మిల్లీమీటర్ల వదులుతో ఆడుతూ ఉంటుంది. 90 బోల్టుకైతే నున్నటి భాగం 60, నట్టుకు ఇంకా పట్టు మిగులుతుంది. మర్నాడు వెళ్లి మార్చుకొచ్చాం, అతను మారుమాట లేకుండా మార్చిచ్చాడు. నట్టు గట్టిగా ఉండీ వైసు ఆడుతుంటే మొదట చూడాల్సింది ఇదే.

ఇనుప పట్టీలు పాత ఇనుపసామాన్ల కొట్లో దొరికాయి. 50 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మందం, ఒక్కోటి 200 పొడవు. ఒక్కో పట్టీకి రెండు బోల్టులు. ఉత్త వాషరు పెడితే ఏమవుతుందని పిల్ల అడిగింది. వాషరు 24 మిల్లీమీటర్ల బిళ్ల. బిగించేకొద్దీ చెక్కలోకి దిగబడుతుంది, దిగబడినంత వదులవుతుంది. పట్టీ వేస్తే ఒక్కో బోల్టు బిగింపు దాదాపు పదిహేను రెట్ల చెక్క మీద పరుచుకుంటుంది. ఒక్కటి చూసుకోవాలి. బల్ల కింద కాలూ అడ్డచెక్కా ఉంటాయి, పట్టీ వాటికి తగలకుండా పక్కనే పడాలి. మేం గీతలు గీయకముందే కింద దూరి చూసి, వైసును కాలుకు రెండంగుళాలు పక్కకు జరిపాం.

వైసునే అచ్చుగా పెట్టి పెన్సిలుతో గుర్తులు పెట్టాం. ముందు సన్న చిల్లు, తర్వాత 13 మిల్లీమీటర్లది. డ్రిల్లు పక్కన మూలమట్టం నిలబెట్టి పిల్లను దానివైపే చూడమన్నాడు బాపు. చిల్లు వాలితే కింద పట్టీ చిల్లుతో కలవదు. బల్ల కింద ఒక పనికిరాని చెక్క నొక్కిపెట్టి ఉంచాం, బిట్టు బయటికొచ్చేచోట పలక పెచ్చులు లేవకుండా.

బిగించే ముందు బాపు క్యాలెండరు కాగితం చింపి నాలుగు ముక్కలు చేసి, వైసు నాలుగు చెవుల కిందా పెట్టమన్నాడు. మూడు ముక్కలు లాగితే రాలేదు. వెనక కుడి చెవి కిందిది సులువుగా జారొచ్చింది. అక్కడ పలక సన్నగా పల్లంగా ఉంది. "గిట్లనే బిగిస్తే ఏమైతదో ఎరికేనా? ఇది పోత ఇనుము. వంగది, పలుగుతది," అన్నాడు. రేకుడబ్బా కోసి ఒక ముక్క పెట్టాం, కాగితం ఇంకా జారింది. రెండో ముక్క పెట్టాక పట్టుకుంది. అప్పుడు నట్లు ఎక్కించి, ఒకదానికొకటి ఎదురుమూలగా, ఒక్కోటి సగం చుట్టు చొప్పున తిప్పుకుంటూ పోయారు. పిల్ల ఎడమచేత్తో పానా తిప్పుతుంటే బాపు పైన బోల్టు తల పట్టుకున్నాడు. చివర్లో వైసుకు కడ్డీ పట్టించి నన్ను గట్టిగా ముందుకు గుంజమన్నాడు. వెనక చెవి కింద నా వేలు ఆనించి ఉంచాను. ఏ కదలికా తెలియలేదు.

వెళ్లేముందు పిల్ల తన గోళ్లరంగుతో ప్రతి నట్టు మీదినుంచి పట్టీ మీదికి ఒక ఎర్ర గీత గీసింది, నట్టు తిరిగితే తెలిసేలా. బాపు ఆ గీతలు మెచ్చుకుని, ఇంకో మాట కూడా చెప్పాడు. మేం బిగించింది వానల్లో, చెక్క ఉబ్బి ఉన్నప్పుడు. మన ఎండలకు అది ఎండి సన్నబడుతుంది. నట్టు తిరగదు, గీత కలిసే ఉంటుంది, కానీ పట్టు పోతుంది. కాబట్టి గీతను నమ్ముకోకుండా పానా వేసి చూడాల్సిందే.

మే నెలలో ఒక ఆదివారం పొద్దున బాపు వీడియో కాల్ చేశాడు. బల్ల కింద వెల్లకిలా పడుకుని, టార్చి అమ్మ చేతికిచ్చాడు. గీతలు నాలుగూ సరిగ్గా కలిసి ఉన్నాయి. పానా వేసి తిప్పితే మొదటి నట్టు కదిలింది. "ఎంత తిరిగింది తాతా?" అని పిల్ల అడిగింది. "పావు చుట్టు." ఈ బోల్టుకు ఒక చుట్టు అంటే 1.75 మిల్లీమీటర్లు. పిల్ల కాగితం మీద లెక్క కట్టి, "తాతా, చెక్క దగ్గరదగ్గర అర మిల్లీమీటరు ఎండింది" అంది. బాపు రెండో నట్టుకు పానా వేస్తూ, "రాసుకో బిడ్డా, వచ్చే ఎండకాలం సుత చూద్దాం" అన్నాడు.