సైకాలజీలో సన్నివేశం ప్రశ్నలు: వయసు కాదు, పిల్లలు చెప్పే కారణం చూడండి

టెట్ ఫలితాలు వచ్చాయి. సైకాలజీలో 30కి 27 వచ్చాయి. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో నాతోపాటు కూర్చుని చదివినవాళ్లు అందరూ ఒకటే అడుగుతున్నారు, శిశు వికాసం నోట్స్ ఎలా రాశావని. తెలుగు, ఇంగ్లిష్, గణితం, పరిసరాల విజ్ఞానం అందరిలాగే చదివాను. వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. సైకాలజీ మాత్రం వేరేగా చదివాను, అందుకే ఇది రాస్తున్నాను.

నా నోట్స్‌లో ఎడమ పేజీ సిద్ధాంతానికి, కుడి పేజీ తరగతి గదికి. ఎడమవైపు ఒక భావన రాస్తే, దానికి సరిపోయే సన్నివేశం కుడివైపు రాసేవరకు పేజీ తిప్పేదాన్ని కాదు. ఈ పద్ధతి కోచింగ్‌లో ఎవరూ చెప్పలేదు. ఇంటర్న్‌షిప్‌లో ఒకటో తరగతి పిల్ల ఒకతి నేర్పింది.

మధురవాడ వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో వేశారు నన్ను. పొద్దున్నే పిల్లలకు రాగిజావ పోస్తున్నాం. ఒకమ్మాయికి సన్నటి స్టీలు గ్లాసు, పక్కనున్న పిల్లకు వెడల్పాటి గిన్నె. ఇద్దరికీ ఒకే గరిటెతో చెరొకటి పోశాను. గిన్నె పిల్ల ఏడుపు మొదలుపెట్టింది: "దానికెక్కువ పోసీసారు టీచర్!" సరే అని ఇంకో గిన్నె తెచ్చి, గ్లాసులోది అందులో పోసి చూపించాను. "ఇప్పుడు?" అంటే "సమానం" అంది. మళ్లీ గ్లాసులో పోస్తే "మళ్లీ దానికే ఎక్కువ" అంది. అప్పుడు అడిగాను, "ఇది తిరిగి గిన్నెలో పోస్తే ఎంతుంటుంది?" అని. "నాదంతే ఉంటాది" అంది వెంటనే. "మరి ఇప్పుడు ఎవరికి ఎక్కువ?" "దానికే!"

పియాజే చెప్పిన పదిలపరచుకొనే భావన, అదే మనం కన్జర్వేషన్ అంటున్నది, నాకు ఆ జావ దగ్గరే అర్థమైంది. మెటీరియల్‌లో "పూర్వ ప్రచాలక దశ పిల్లలకు విపర్యాత్మక ఆలోచన ఉండదు" అని ఒక్క లైను ఉంటుంది. కానీ ఆ పిల్లకు తిరిగి పోస్తే మొదటిలాగే వస్తుందని తెలుసు. తెలిసినా, ఇప్పుడు కూడా సమానమేనని దాన్నిబట్టి తేల్చుకోలేకపోతోంది. తిరిగి వస్తుందని తెలియడం వేరు, ఆ తెలిసినదాన్ని కారణంగా వాడుకోవడం వేరు. ఆమె చూపు జావ ఎత్తు దగ్గరే ఆగిపోయింది, వెడల్పు లెక్కలోకి రాలేదు. ఏకమితి అంటే అదే. ప్రశ్నలో "తిరిగి పోస్తే సమానమని చెప్పాడు, అయినా ఇందులోనే ఎక్కువ అన్నాడు" అని ఉంటే, మొదటి సగం చదివి మూర్త ప్రచాలక దశ పెట్టేయకండి.

కన్జర్వేషన్ వచ్చిన పిల్లలు సాధారణంగా మూడు రకాల కారణాల్లో ఏదో ఒకటి చెబుతారు. "ఏమీ కలపలేదు, తీయలేదు, అందుకే అంతే ఉంది" అనడం ఒకటి. "తిరిగి పోస్తే అంతే వస్తుంది, కాబట్టి ఇప్పుడూ అంతే" అనడం రెండోది. ఇది విపర్యాత్మకత. "ఇది ఎత్తుగా ఉంది కానీ సన్నం, అది పొట్టి కానీ వెడల్పు" అనడం మూడోది. ఇక్కడ ఒక కొలతలో తగ్గింది ఇంకో కొలతలో సరిపోయింది. పేపర్లో పిల్లాడి మాట ఇచ్చి ఇది ఏ ఆలోచన అని అడిగితే, మాటలో ఈ మూడింట్లో ఏది ఉందో వెతికితే చాలు. వయసు ఇచ్చారంటే చాలాసార్లు అది మనల్ని తొందరపెట్టడానికే.

చాలామంది తప్పుతున్న ఇంకో సన్నివేశం ఉంది. మూడో తరగతి అబ్బాయి మట్టి ముద్దను చపాతీలా నొక్కాక "మట్టి అంతే ఉంది" అంటాడు, కానీ "బరువు తగ్గింది" అంటాడు. ఈ పిల్లాడు ఏ దశ? నా పక్కన చదివిన అక్క పూర్వ ప్రచాలక దశ అని వాదించింది. కాదు. కన్జర్వేషన్ అన్నిటికీ ఒక్కసారిగా రాదు. సంఖ్యకు ఇంచుమించు 6, 7 ఏళ్లకు, పదార్థ రాశికి 7, 8కి, బరువుకు 9, 10కి, ఘనపరిమాణానికి 11, 12కి వస్తుంది. పియాజే దీన్ని హారిజాంటల్ డెకలాజ్ అన్నాడు. కాబట్టి ఆ అబ్బాయి మూర్త ప్రచాలక దశలో అడుగుపెట్టినవాడే. బరువు దగ్గర తడబడితే ఆ దశలో లేడని కాదు.

వయసు చూసి జవాబు పెట్టొద్దని కోల్‌బర్గ్ ప్రశ్నలకు ఇంకా గట్టిగా చెప్పాలి. మద్దిలపాలెం జంక్షన్‌లో డిగ్రీ కుర్రాడు ట్రాఫిక్ పోలీసు కనిపిస్తేనే హెల్మెట్ పెట్టుకుంటాడు. డిగ్రీ అనగానే సాంప్రదాయ స్థాయి పెట్టేస్తారు. కానీ అతనికి కనిపిస్తున్నది జరిమానా ఒక్కటే. అది పూర్వ సాంప్రదాయ స్థాయి, అందులోనూ మొదటి దశ, విధేయత–శిక్ష. పరీక్షలో స్నేహితుడికి జవాబు చూపించిన పిల్లాడు "రేపు లెక్కల్లో వాడు నాకు చూపిస్తాడు" అంటే రెండో దశ. చూపించనివాడు "మా టీచర్ నన్ను మంచివాడు అనుకోవాలి" అంటే మూడో దశ, "రూల్ అందరికీ ఒకటే, అది తప్పితే పరీక్షకు అర్థం లేదు" అంటే నాలుగోది. చేసిన పని మంచిదా చెడ్డదా అన్నది జవాబును మార్చదు.

ఇక "ఉపాధ్యాయుడిగా మీరేం చేస్తారు" అన్న ప్రశ్నలు. వీటిలో పియాజే, వైగోట్‌స్కీ ఇద్దరికీ సరిపోయేట్టున్న ఆప్షన్లు పక్కపక్కనే పెడతారు. నా కుడి పేజీలో ఉన్న ఉదాహరణ ఇది. రెండో తరగతి పిల్ల 42 లోంచి 17 తీసి 35 రాసింది. 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసేసింది. పుల్లల కట్టలు ఇచ్చి తనంతట తానే తేల్చుకోనివ్వడం పియాజే దారి. అవే పుల్లలు ఇచ్చి "రెండు పుల్లల్లోంచి ఏడు తీయగలవా? ఒక కట్ట విప్పితే?" అని అడుగుతూ, రెండు లెక్కలయ్యాక అడగడం తగ్గించి, మూడోది తననే చేయమనడం వైగోట్‌స్కీ దారి. ఇక్కడ సాయం తగ్గించుకుంటూ పోవడం ముఖ్యం. చివరిదాకా పక్కనే ఉండి చెప్పించే ఆప్షన్ స్కాఫోల్డింగ్ కాదు. ఇంకో సంగతి, స్కాఫోల్డింగ్ అన్న మాట వైగోట్‌స్కీది కాదు. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ వాడారు. వైగోట్‌స్కీ 1934లోనే చనిపోయాడు. ఆయన చెప్పింది సామీప్య వికాస మండలం, అంటే పిల్ల ఒంటరిగా చేయగలిగినదానికీ సాయంతో చేయగలిగినదానికీ మధ్య ఉన్న దూరం.

నోట్స్ పీడీఎఫ్ పెట్టమని అడుగుతున్నారు. ఎడమ పేజీలు కావాలంటే ఫొటోలు తీసి పంపిస్తాను. కుడి పేజీలు పంపను, నా దగ్గర దాచుకోవాలని కాదు. నా రాగిజావ మీకు బట్టీ పట్టాల్సిన ఇంకో లైనే అవుతుంది. మీ ఇంట్లో ఆరేళ్ల పిల్లలుంటే ఒక సన్న గ్లాసు, ఒక గిన్నె, కొంచెం నీళ్లు తీసుకోండి. ఏది ఎక్కువని అడిగి, "ఎందుకు?" అని కూడా అడగండి. వాళ్లు అన్న మాట ఉన్నదున్నట్టు, మీరు సరిదిద్దకుండా, కుడి పేజీ మీద రాసుకోండి. తర్వాత ఎనిమిదేళ్లవాళ్లను అడిగి దాని కింద రాయండి.